తలంటు రోజున నిలబడే నేల

అమ్మ బాత్రూంలో జారిపడింది తలంటు రోజున. ఒంటికి, తలకు నువ్వుల నూనె పట్టించుకుని, కుంకుడు రసం గిన్నె చేత్తో పట్టుకుని పీట దగ్గరికి రెండడుగులు వేసింది. మూడో అడుగు నిలవలేదు. కుడి మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టుతో ఉంది. ఆ నేల మీద ఉన్నవి బూడిద రంగు టైల్స్. మెరుపు లేనివి, తడిమితే కాస్త గరుకుగానే తగిలేవి. మూడేళ్ల క్రితం కొన్నప్పుడు దుకాణంలో "ఇవి యాంటీ స్కిడ్ అండీ, బాత్రూంకి అందరూ ఇవే తీసుకెళ్తున్నారు" అన్నారు. నేను పొడి చేత్తో ఒకసారి నిమిరి చూసి సరేనన్నాను. తప్పు అక్కడే జరిగింది.

నేల పొడిగా ఉంటే దాదాపు ఏ టైల్ మీదైనా కాలు నిలుస్తుంది. నీళ్లు పడగానే అరికాలికీ టైల్‌కీ మధ్య పల్చని పొర ఒకటి చేరుతుంది. మనం అడుగు వేసినప్పుడు మడమ ఆ పొరను పక్కకు నెట్టి టైల్‌ను తాకగలగాలి. మామూలు నీళ్లు పల్చన కాబట్టి తొందరగా తప్పుకుంటాయి. సబ్బు నురగ, షాంపూ అంత తొందరగా తప్పుకోవు. నూనె అయితే అసలు కదలదు. టైల్ మీద ఉన్న గరుకు ఆ పొర మందం కన్నా ఎత్తుగా ఉంటే, దాని మొనలు పొరను చీల్చుకుని వచ్చి అరికాలిని పట్టుకుంటాయి. లేకపోతే పొర మీద కాలు తేలుతుంది. మాట్ ఫినిష్ అంటే వెలుతురును చెదరగొట్టేంత సన్నని గరుకు మాత్రమే. కంటికి మెరుపు కనబడకుండా ఉండటానికి అది చాలు. నూనె పొర కింద అది మునిగిపోతుంది. మెరవని టైల్ జారదనుకోవడం అందుకే పొరపాటు. మా ఇంట్లో జరిగింది సరిగ్గా ఇదే.

నేల మార్చాలని రెండోసారి దుకాణానికి వెళ్లినప్పుడు "యాంటీ స్కిడ్" అన్న మాటను పక్కన పెట్టి అంకె అడిగాను. అక్కడి కుర్రాడు పెట్టె తిప్పి చూసి, "ఆర్ 9 మేడం, మంచి రేటింగే" అన్నాడు. వినగానే పదికి తొమ్మిది మార్కులు వచ్చినట్టు అనిపిస్తుంది. నిజానికి ఆ కొలతలో ఆర్ 9 అన్నది అట్టడుగు మెట్టు. అక్కడి నుంచి ఆర్ 13 వరకు పైకి వెళ్తుంది. ఆ కుర్రాడు మోసం చేయాలని అనలేదు. అతనికీ ఎవరూ చెప్పి ఉండరు.

ఈ ఆర్ అంకెలు జర్మనీలో పుట్టిన పరీక్షవి. డిన్ 51130 అన్నది దాని పేరు. ఏటవాలుగా పైకి లేపగలిగే పలక మీద టైల్స్ పరిచి, వాటి మీద మోటారు నూనె పోస్తారు. పని బూట్లు తొడుక్కున్న మనిషి, పడిపోకుండా నడుముకు పట్టీ కట్టుకుని, దాని మీద ముందుకూ వెనక్కూ అడుగులు వేస్తాడు. పలకను కొంచెం కొంచెంగా లేపుతారు. ఇక నిలబడలేనని అతనికి అనిపించిన కోణమే ఆ టైల్ మార్కు. 6 నుంచి 10 డిగ్రీల దాకా నిలిస్తే ఆర్ 9. 10 దాటి 19 దాకా అయితే ఆర్ 10. 19 దాటి 27 దాకా ఆర్ 11. ఆ పైవి ఫ్యాక్టరీలకు, పెద్ద వంటశాలలకు.

కానీ బాత్రూంలో మనం బూట్లతో తిరగం. బూటు అడుగున ఉండే గీతలు నూనెను కొంత పక్కకు తోస్తాయి, అరికాలికి ఆ సౌకర్యం లేదు. అందుకని వట్టి కాళ్ల కోసం డిన్ 51097 అని వేరే పరీక్ష ఉంది. అదే వాలు పలక, నూనె బదులు సబ్బునీళ్లు, బూట్లు లేని మనిషి. 12 డిగ్రీల దగ్గర నిలిస్తే ఏ, 18 దగ్గర బీ, 24 దగ్గర సీ తరగతి. బట్టలు మార్చుకునే గది లాంటి, ఎక్కువసేపు పొడిగా ఉండే చోటుకు ఏ సరిపోతుంది. షవర్ కింద, ఈతకొలను చుట్టూ బీ కావాలి. నీళ్లలోకి దిగే మెట్ల వంటి చోట సీ. ఈ రెండు పరీక్షలకూ మధ్య కచ్చితమైన మారకం లేదు. ఆర్ 10 వచ్చిన టైల్ వట్టి కాళ్ల పరీక్షలో ఏ తోనే ఆగిపోవచ్చు, బీ కూడా రావచ్చు. దుకాణంలో రెండూ అడగాలి. "ఆర్ ఎంత?" అన్న తరువాత "వట్టి కాళ్లకు ఏ తరగతి?" అని. పెట్టె మీద లేకపోతే కంపెనీ సాంకేతిక పత్రంలో ఉంటుంది, వాట్సాప్‌లో తెప్పించమనాలి. పెద్ద కంపెనీల డీలర్లయితే గంటలో తెప్పిస్తారు. మా కుర్రాడు పాపం రెండుచోట్లకు ఫోన్ చేసి తెప్పించాడు.

మామూలు ఇంటికి నా లెక్క ఇది. స్నానం చేసే చోట ఆర్ 10, బీ తరగతి కనీసం. ఇంట్లో పెద్దవాళ్లుంటే, లేదా తలంట్లు, నలుగులు మానని ఇల్లయితే ఆర్ 11. విదేశీ పరీక్షలో కావాలని పోసే నూనెను మనం వారం వారం మనంతట మనమే నేల మీద పోస్తున్నాం కాబట్టి, మన ఇళ్లకు ఈ విషయంలో ఒక మెట్టు పైకి వెళ్లడమే మేలు.

మరి అందరూ ఆర్ 12, 13 వేసేసుకోవచ్చుగా అనిపిస్తుంది. గరుకు పెరిగే కొద్దీ కడగడం కష్టమవుతుంది, ఇబ్బంది అక్కడ. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఆ సున్నం, సబ్బు కలిసి గరుకు సందుల్లో తెల్లగా, తరువాత గోధుమరంగుగా పేరుకుంటుంది. పేరుకున్న ఆ మడ్డి మొనలను కప్పేస్తే కొన్న గరుకు అంతా వృథా. ఆరు నెలలకు నేల మళ్లీ జారుతుంది. దాన్ని వదిలించడానికి ఆసిడ్ పోస్తే టైల్ తట్టుకుంటుందేమో గానీ కీళ్లలో ఉన్న సిమెంటు గ్రౌట్ కరిగిపోతుంది. కాబట్టి చీపురు, బ్రష్షు తిరగగలిగేంత గరుకే కొనాలి. ఇంకో సంగతి, కొన్ని టైల్స్‌కు గరుకు కాల్చేటప్పుడు ఏర్పడిన దాంట్లో భాగంగా ఉంటుంది, కొన్నింటికి తరువాత పూసిన పూత ఇస్తుంది. పూత నడిచే కొద్దీ అరిగిపోతుంది. ఏదో అడిగి తెలుసుకోవాలి.

అంకె చూశాక కాలితో కూడా చూశాను. మూడు రకాల టైల్స్ ఒక్కొక్కటి నమూనాకు తెచ్చుకుని, వరండాలో గోనెసంచి మీద పక్కపక్కన పరిచాను. కదలకుండా ఉండటానికి గోనెసంచి. ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నిలబడి చేయకూడదు, పడిపోతాం. సబ్బునీళ్లు చల్లి, మడమ గట్టిగా అదిమి ముందుకు తోశాను. తరువాత వాటి మీదే నాలుగు చుక్కల నువ్వుల నూనె వేసి మళ్లీ తోశాను. మొదటి టైల్ మీద సబ్బునీళ్లకే మడమ నున్నగా జారింది. రెండోది సబ్బుకు పట్టింది, నూనెకు వదిలేసింది. మూడోది నూనెలోనూ కరకరమంటూ ఆపింది. అమ్మ కుర్చీ పక్కన నిలబడి చూస్తూ, "ఏమే, కొనేముందు ఇది చేసుంటే నా చెయ్యి మిగిలేది కదా" అంది. ఇది ప్రయోగశాల పరీక్షకు బదులు కాదు. పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి మాత్రం దీన్ని మించింది లేదు.

ఇక నీళ్లు పీల్చే గుణం. టైల్ పైకి ఎంత నునుపుగా ఉన్నా లోపల కాల్చిన మట్టే. ఎక్కువ వేడిలో కాల్చి, మట్టి రేణువులు కరిగి అతుక్కుపోయేలా చేస్తే లోపల ఖాళీలు మిగలవు. అదే విట్రిఫైడ్. తక్కువగా కాలితే సన్నని రంధ్రాలు ఉండిపోతాయి, నీళ్లు వాటిలోకి ఎక్కుతాయి. టైల్ బరువులో ఎంత శాతం నీళ్లు పీలుస్తుందన్న దాన్ని బట్టి తరగతులు చేశారు. అర శాతం, లేదా అంతకన్నా తక్కువ పీలిస్తే బీ, రోమన్ ఒకటి, చిన్న ఏ అని పెట్టె మీద వేస్తారు. అర శాతం దాటి 3 దాకా అదే రోమన్ ఒకటి పక్కన చిన్న బీ. 3 నుంచి 10 శాతం వరకు రోమన్ రెండు. 10 దాటితే రోమన్ మూడు, అవి గోడకు వేసేవి. అందమైన గోడ టైల్ చూసి నేలకు కూడా అదే వేయమనే వాళ్లను చూశాను. గోడ టైల్ బరువు కూడా మోయలేదు, వద్దు.

దీన్ని దుకాణంలో కనిపెట్టడం తేలిక. టైల్ వెనక్కి తిప్పి, మధ్యలో గీతల మధ్య వేలితో నాలుగు చుక్కల నీళ్లు వేయండి. గోడ టైల్ అయితే చుక్క పడీ పడకముందే మాయమై, ముదురు మచ్చ మిగులుతుంది. విట్రిఫైడ్ మీద ఆ చుక్క ముత్యంలా అలాగే కూర్చుంటుంది, రెండు నిమిషాల తరువాత తుడిస్తే పొడిగా వచ్చేస్తుంది. వెనక రంగు ఎర్రగా ఉందా తెల్లగా ఉందా అన్నది చూసి గట్టిదనం తేల్చకండి. ఆ రంగు మట్టిలోని ఇనుము వల్ల వస్తుంది, నీళ్లు పీల్చడానికీ దానికీ సంబంధం లేదు.

ఇంట్లో వంటింటి డిజిటల్ త్రాసుతో ఇంకాస్త కచ్చితంగా చూశాను. పాత నేల నుంచి మిగిలిపోయి మెట్ల కింద పడి ఉన్న 300 మిల్లీమీటర్ల పలక ఒకటి, కొత్త నమూనా ఒకటి. రెండింటినీ రెండు రోజులు ఎండలో పెట్టి తూచాను. పాతది 1,320 గ్రాములు, కొత్తది 1,640. ఒక రోజంతా నీళ్ల తొట్టిలో ముంచి, పైన తడి బట్టతో తుడిచి మళ్లీ తూచాను. పాతది 1,412కు పెరిగింది. అంటే 92 గ్రాముల నీళ్లు తాగింది, దాదాపు 7 శాతం. కొత్తది 1,644 దగ్గర ఆగింది. 4 గ్రాములు, పావు శాతం కూడా కాదు. ప్రయోగశాలలో మరిగించో, గాలి తీసేసిన పాత్రలో ముంచో చూస్తారు కాబట్టి అక్కడ ఇంకొంచెం ఎక్కువ వస్తుంది. అంత తేడా ఉన్న రెండు టైల్స్‌ను విడదీసి చూపడానికి వంటింటి త్రాసు చాలు.

తాగితే ఏమవుతుంది? పైన ఉన్న గ్లేజు నీళ్లను లోపలికి రానివ్వదు. కానీ కోసిన అంచుల నుంచి, కీళ్ల నుంచి నీళ్లు ఒంట్లోకి పాకుతాయి. మా పాత నేలలో పంపు కింది నాలుగు టైల్స్ అంచుల వెంట ముదురు రంగు పట్టి, ఎండాకాలంలో కూడా వదల్లేదు. నీళ్లు పట్టిన ఒళ్లు ఏళ్ల మీద కాస్త ఉబ్బుతుంది, దాంతో పైన గ్లేజు సాలెగూడులా సన్నగా చిట్లుతుంది. ఆ చిట్లిన గీతల్లో మురికి చేరితే ఇక ఏం పోసి కడిగినా పోదు. గట్టిదనంలో కూడా తక్కువ పీల్చేదే మేలు, ఇనుప బకెట్ జారిపడినా అంచు అంత తేలిగ్గా విరగదు.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు ఆశ పెట్టుకుంటారు. నీళ్లు పీల్చని టైల్ వేశాం కాబట్టి కింది వాటాలోకి చెమ్మ దిగదని. కింద చెమ్మ దిగేది కీళ్ల నుంచి, నహానీ ట్రాప్ చుట్టూ, పైపులు నేలను దాటే చోట. దాన్ని ఆపేది టైల్ కింద వేసే వాటర్‌ప్రూఫింగ్ పొర, అది గోడ మీదికి కనీసం ఒక అడుగు ఎక్కాలి. టైల్ ఎంత మంచిదైనా ఆ పని చేయదు.

పైగా విట్రిఫైడ్ టైల్‌కు దాని సుగుణమే ఒక చిక్కు తెస్తుంది. పాత పద్ధతిలో మేస్త్రీలు టైల్స్‌ను నీళ్లలో నానబెట్టి, వెనక సిమెంటు పాలు పూసి అతికించేవారు. టైల్ ఆ పాలను కాస్త పీల్చుకుని పట్టుకునేది. ఏమీ పీల్చని టైల్‌కు సిమెంటు పాలు పట్టవు. రెండేళ్లకు టైల్ వదిలేసి, నడిస్తే డబడబమంటుంది. మా మేస్త్రి గారు అనుభవమున్న మనిషే. "ఎన్నో ఇళ్లకు సిమెంటుతోనే పెట్టానమ్మా, ఏమీ కాదు" అన్నారు. చుక్క నీళ్లు వేసి చూపించాక, "ఇది అసలు తాగట్లేదే" అని ఆయనే ఒప్పుకున్నారు. టైల్ అడెసివ్ సంచి మీద ఐఎస్ 15477 అన్న ప్రమాణం, విట్రిఫైడ్‌కు పనికొస్తుందన్న మాట రెండూ చూసుకుని తెచ్చాం. పళ్లున్న తాపీతో గీతలు గీసి, టైల్ వెనక కూడా పల్చగా పూసి నొక్కారు. టైల్స్ వేసి వారం తిరిగాక నాణెంతో ఒక్కొక్కదాన్నీ తట్టి చూశాను. నిండుగా మోగితే సరే, డొల్లగా మోగితే కింద ఖాళీ ఉన్నట్టు. 36 పలకల్లో ఒకటి డొల్లగా మోగింది. ఆయనే తీసి మళ్లీ పెట్టారు.

బ్రాండ్ల మాట చివరికి ఉంచాను. కావాలనే. కజారియా, సోమానీ, జాన్సన్, ఓరియంట్ బెల్, ఏషియన్ గ్రానైటో, ఆర్ఏకే, ఇవన్నీ మన ఊళ్లలో దొరికే, పేరున్న కంపెనీలు. ఆర్ఏకేకు కాకినాడ దగ్గర సామర్లకోటలో, కజారియాకు శ్రీకాళహస్తిలో ఫ్యాక్టరీలు ఉన్నాయి. దేశంలో టైల్స్‌లో అధికభాగం గుజరాత్‌లోని మోర్బీ చుట్టుపక్కల తయారవుతుంది. పెద్ద కంపెనీలు సొంత ఫ్యాక్టరీల్లో కొన్ని చేసుకుని, మరికొన్ని అక్కడి భాగస్వామ్య ఫ్యాక్టరీల్లో చేయిస్తాయి. కాబట్టి పేరు లేని మోర్బీ టైల్ అంతా నాసిరకం కాదు, పేరున్న పెట్టెలో ఉన్నదంతా బాత్రూంకు పనికొచ్చేదీ కాదు. ఒకే కంపెనీ అద్దంలా మెరిసే టైల్ కూడా అమ్ముతుంది, ఆర్ 11 టైల్ కూడా అమ్ముతుంది. మనం నమ్మాల్సింది పెట్టె మీది పేరును కాదు, ఆ ఒక్క రకానికి ఆ కంపెనీ లిఖితంగా ఇచ్చిన అంకెలను.

మరి బ్రాండ్ ఎందుకు? ఆ అంకెల వెనక నిలబడే వాళ్లుంటారని. రేపు తేడా వస్తే పెట్టె మీది బ్యాచ్ నంబరు పట్టుకుని అడగొచ్చు. పేరున్న కంపెనీల పెట్టెలు ఒకదానికొకటి కొలతల్లో సరిపోతాయి, మూలలు వంకర ఉండవు. దుకాణంలో రెండు టైల్స్ ముఖాముఖి పెట్టి, అంచుల దగ్గర వెలుతురు దూరుతుందా అని చూస్తే వంకర తెలిసిపోతుంది. పెట్టె మీద ఐఎస్ 15622, నీళ్ల తరగతి, షేడ్ నంబరు, బ్యాచ్, ప్రీమియం అన్న గ్రేడు అన్నీ అచ్చయి ఉండాలి. కమర్షియల్ అని ఉంటే అది ఏరి పక్కన పెట్టిన రెండో రకం సరుకు. ధర తక్కువ, తేడాలు ఎక్కువ. నేను ఏ కంపెనీది కొన్నానో చెప్పను. మీ ఊళ్లో మీకు పత్రం చూపించగలిగిన డీలర్ దగ్గర ఏది ఉంటే అదే మీకు మంచి బ్రాండ్.

సైజు విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. బాత్రూం నేలకు రెండు అడుగుల పలకలు వద్దు. మా బాత్రూం 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు. ట్రాప్ ఒక మూల ఉంది. నీళ్లు నిలవకుండా పోవాలంటే 80కి 1 చొప్పున వాలు కావాలి, అంటే 5 అడుగులకు ముప్పావు అంగుళం. ఆ వాలు రెండు వైపుల నుంచీ మూలకు దిగాలి. పెద్ద పలక అలా రెండు వైపులకూ ఒంగదు. దాన్ని అడ్డంగా కోస్తారు, లేదా వాలు తగ్గించేస్తారు, నీళ్లు నిలుస్తాయి. 300 మిల్లీమీటర్ల పలకలు వాలుకు తేలిగ్గా ఒదుగుతాయి. కీళ్లు ఎక్కువ కాబట్టి కాలికి అదనంగా పట్టు కూడా దొరుకుతుంది. కీళ్లకు సిమెంటు గ్రౌట్ బదులు ఎపాక్సీ గ్రౌట్ పెట్టించాం. ఖర్చు ఎక్కువే, కానీ అది నీళ్లు పీల్చదు, బోరు నీళ్ల మరకను లోపలికి రానివ్వదు. టైల్ ఆరకముందే పూసిన ఎపాక్సీని స్పాంజితో తుడిపించుకోండి. ఆరిందంటే గరుకు సందుల్లో ఇరుక్కుని మళ్లీ రాదు.

35 చదరపు అడుగుల నేలకు 36 పలకలు పట్టాయి. కోతలకు, విరిగేవాటికి పది శాతం వేసుకుంటే 40. మేం కొన్న పెట్టెలో పదేసి ఉన్నాయి, నాలుగు పెట్టెలతో లెక్క సరిపోయేది. ఐదు కొన్నాం. ఆ షేడ్, ఆ బ్యాచ్ మళ్లీ దొరకవు. ఐదో పెట్టె విప్పకుండా మెట్ల కింద ఉంది. పైన అమ్మ సున్నం ముక్కతో "బాత్రూం నేల" అని రాసింది, ఎడమ చేత్తో.